ప్రమోషన్ వద్దని చెప్పాల్సి వచ్చినప్పుడు: కృతజ్ఞత తగ్గకుండా, పేరు పోకుండా మెసేజ్ రాయడం ఎలా

ఫార్మా సేల్స్‌లో నాకు ఇరవై ఏళ్లు దాటాయి. బ్యాగు పట్టుకుని డాక్టర్ల దగ్గర తిరిగాను, ఏరియా మేనేజర్‌గా చేశాను, తర్వాత రీజినల్ మేనేజర్‌గా ఎనిమిదేళ్లు చేశాను. "నిన్ను ప్రమోట్ చేస్తున్నాం" అని చెప్పిన ఫోన్లు చాలా ఉన్నాయి. "వద్దు సార్" అని తిరిగొచ్చిన మెసేజ్‌లూ ఉన్నాయి. వద్దన్నవాళ్లలో కొందరు తర్వాత మూడేళ్లలో నాకంటే పై పోస్టులకు వెళ్లారు, కొందరి పేరు మళ్లీ ఏ మీటింగ్‌లోనూ వినిపించలేదు. కారణాలు ఇద్దరివీ దాదాపు ఒకటే. అమ్మానాన్నల ఆరోగ్యం, పిల్లల చదువు, భార్య ఉద్యోగం. తేడా అంతా చెప్పిన తీరులోనే ఉంది.

మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు ఉద్యోగాల్లో ప్రమోషన్ చాలాసార్లు ఒంటరిగా రాదు, ఊరు మారడంతో కలిసి వస్తుంది. అందుకే ఈ గైడ్‌లో ఆ ఒక్క సందర్భాన్నే పట్టుకుంటున్నాను. ఒక మెడికల్ రెప్ ఉదాహరణ మొదటి నుంచి చివరిదాకా నడుస్తుంది. మనిషిని గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. మీరు బ్యాంకులోనో, ఫైనాన్స్ కంపెనీలోనో, సాఫ్ట్‌వేర్‌లోనో ఉంటే పోస్టుల పేర్లు మార్చుకుని చదవండి.

ముందు సందర్భం

అతను రాజమండ్రి హెడ్‌క్వార్టర్‌లో రెప్. వయసు 34, తొమ్మిదేళ్ల సర్వీసు. కర్నూలులో ఏరియా మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. రీజినల్ మేనేజర్ ఫోన్ చేసి, "జోనల్ మీటింగ్‌లో నీ పేరు చెప్పాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కర్నూలు. శుక్రవారం లోపు కన్ఫర్మ్ చెయ్యి" అన్నారు. ఇంట్లో నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. భార్య జిల్లా పరిషత్ స్కూల్లో టీచర్. అది జిల్లా కేడర్ పోస్టు కాబట్టి కర్నూలుకు బదిలీ అంత తేలిక కాదు. కూతురు తొమ్మిదో తరగతి. ఏరియా మేనేజర్ కావాలని మాత్రం అతనికి నాలుగేళ్లుగా కోరిక.

మొదటి అడుగు: ఫోన్‌లో ఏమనకూడదు

చాలా కేసులు మెసేజ్ రాయకముందే, ఆ మొదటి ఫోన్‌లోనే పాడవుతాయి. పై అధికారి శుభవార్త చెబుతుంటే మొహం మీద కాదనడం మనకు చేతకాదు. అందుకే నోటికి మూడు మాటలు వస్తాయి. "చూద్దాం సార్." "మీరు ఎలా చెబితే అలా సార్." "ఇంట్లో అడిగి చెప్తాను సార్."

మొదటి రెండింటినీ మీరు మర్యాదగా అన్నారు. ఆయన వాటిని ఒప్పుకోలుగా విన్నారు. ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో పైవాళ్లకు "మనవాడు ఓకే" అని చెప్పేస్తారు. మూడు రోజుల తర్వాత మీరు కాదంటే అప్పుడు పోయేది ఆయన మాట. కోపం అక్కడే మొదలవుతుంది. మూడోది ఇంకో రకం చిక్కు. నిర్ణయం ఇంట్లోవాళ్లదని మీరే చెప్పారు కాబట్టి, రేపు కాదన్నప్పుడు "ఒకసారి మీ ఆవిడతో నేను మాట్లాడతాను" అంటారు. నేనే ఒకప్పుడు అలా ఒక రెప్ ఇంటికి వెళ్లి, టీ తాగి, వాళ్లావిడకు నచ్చజెప్పబోయాను. ఆ అమ్మాయి పడ్డ ఇబ్బంది ఇప్పటికీ గుర్తుంది. తప్పు నాదే. కానీ ఆ దారి తెరిచింది "ఇంట్లో ఒప్పుకోవట్లేదు సార్" అన్న మాట.

అప్పుడు అనాల్సింది ఇంతే: "చాలా సంతోషం సార్, నా పేరు చెప్పినందుకు థ్యాంక్స్. ఊరు మారే విషయం కాబట్టి ఇప్పుడే అవునని చెప్పలేను. గురువారం పొద్దున మీకు ఫోన్ చేసి ఖాయంగా చెప్తాను." ఇందులో అవును లేదు, కాదు లేదు, తారీఖు ఉంది. ఆయన గడువు శుక్రవారం అయితే మీరు గురువారం చెప్పండి. ఆ ఒక్కరోజు ఆయన ఇంకో పేరు వెతుక్కోవడానికి.

రెండో అడుగు: మీరు దేన్ని వద్దంటున్నారో విడదీసుకోవడం

ప్రమోషన్ ఆఫర్‌లో మూడు విషయాలు ముడిపడి ఉంటాయి: పోస్టు, ఊరు, సమయం. కాగితం మీద మూడు గీతలు గీసి, ఒక్కో దాని ఎదురుగా "ఇదొక్కటి మారితే నేను తీసుకుంటానా?" అని రాసుకోండి.

మన రాజమండ్రి రెప్ రాసుకున్నాడు. పోస్టు కావాలి. ఊరు కుదరదు. సమయం దగ్గరకొచ్చేసరికి అతను తడబడ్డాడు. పాప పదో తరగతి పరీక్షలు అయిపోయాక, అంటే ఏడాదిన్నర తర్వాత వెళ్లగలనని రాయబోయాడు. నేనే ఆపాను. పాప పదో తరగతికి తారీఖు ఉంది, నాన్నగారి డయాలసిస్‌కు లేదు. ఏడాదిన్నర తర్వాత రెడీ అని రాస్తే, ఏడాదిన్నర తర్వాత సరిగ్గా అదే ఫోన్ మళ్లీ వస్తుంది. అప్పుడు రెండోసారి కాదనాలి. మొదటి తిరస్కరణను కంపెనీలు అర్థం చేసుకుంటాయి. రెండోసారి, అదీ మీరే ఇచ్చిన తారీఖుకు కాదంటే, ఆ మనిషి ఎక్కడికీ కదలడని ముద్ర పడుతుంది. కాబట్టి తారీఖు ఉన్న కారణాలకే తారీఖు ఇవ్వండి. తారీఖు లేనిదానికి హద్దు చెప్పండి: ఏ ప్రాంతం దాకా వెళ్లగలరు, ఎన్ని రాత్రులు బయట ఉండగలరు.

"ప్రస్తుతానికి కుదరదు" అన్న మాటనూ ఇక్కడే పక్కన పెట్టేయాలి. అది మీకు సున్నితంగా అనిపిస్తుంది. వినేవాళ్లకు మాత్రం మూడు వారాలు ఆగి మళ్లీ అడగమన్నట్టు ఉంటుంది.

పోస్టే వద్దనుకునేవాళ్లు వేరే రకం. వాళ్ల సంగతి తర్వాత చెప్తాను.

మూడో అడుగు: కారణాన్ని ఎదురు ప్రశ్నకు నిలబెట్టడం

కారణం ఒక్కటి చాలు. నాన్నగారి ఆరోగ్యం, పాప చదువు, భార్య ఉద్యోగం, సొంతిల్లు లోన్, ఇలా నాలుగూ కలిపి రాస్తే నిజాలైనా సాకుల్లా కనిపిస్తాయి. పైగా అవతలి మనిషి వాటిలో తేలికైనదాన్ని పట్టుకుంటాడు. "పాప స్కూలా? కర్నూలులో మంచి స్కూళ్లు ఉన్నాయయ్యా, నేను సీటు ఇప్పిస్తా" అని మొదలుపెడతాడు. మిగతా మూడూ గాలికి పోతాయి.

ఎంచుకున్న ఆ ఒక్క కారణం మీద అనుభవమున్న మేనేజర్ ఏం అడుగుతాడో ముందే ఊహించుకోవాలి. రాజమండ్రి రెప్ కారణం డయాలసిస్. నేను అతని మేనేజర్‌నైతే వెంటనే ఒకటి అడుగుతాను. ఏరియా మేనేజర్ ఏ ఊరిలో ఉన్నా టూర్లు తప్పవు, మరి కాకినాడ ఏరియా ఇస్తే మాత్రం మీ నాన్నగారిని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే, అతనికి పోస్టు మీద కోరిక ఉందన్న మాట నిలబడదు.

అతని దగ్గర జవాబు ఉంది. నాన్నగారికి ఉదయం ఆరు గంటల షిఫ్టు. అతను దింపి వస్తాడు. ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు పడుతుంది. పదిన్నర ప్రాంతంలో బావమరిది వెళ్లి తీసుకొస్తాడు. అంటే పొద్దున ఆరు గంటలకు అతను రాజమండ్రిలో ఉంటే చాలు. కాకినాడ, ఏలూరు, భీమవరం లాంటి చోట్లకు పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. మా భాషలో అవి ఎక్స్‌స్టేషన్ ఊళ్లు. కర్నూలు అయితే రాత్రంతా బస్సు. ఈ వివరమంతా మెసేజ్‌లో రాయక్కర్లేదు. కానీ ఇది తేల్చుకున్నాక అతను రాసిన వాక్యంలో తేడా వచ్చింది. నాన్నకు బాగోలేదు అన్న చోట రాత్రికి ఇంటికి చేరగలిగే ఏరియా అయితే ఇబ్బంది లేదు అన్న మాట చేరింది. మొదటి మాట విన్నవాళ్లు జాలిపడతారు. రెండోది విన్న మేనేజర్ మనసులో ఖాళీల జాబితా తిరుగుతుంది.

కారణం అబద్ధమైతే మాత్రం ఏ పద్ధతీ కాపాడదు. అమ్మకు బాగోలేదని బదిలీ వద్దన్న ఒక కుర్రాడు నాలుగు నెలల్లో వేరే కంపెనీలో చేరి బెంగళూరు వెళ్లాడు. మా ఫీల్డ్ చాలా చిన్నది, స్టాకిస్టుల ద్వారానే అందరికీ అన్నీ తెలుస్తాయి. అసలు కారణం చెప్పడం ఇష్టం లేకపోతే "కుటుంబ బాధ్యతల వల్ల ఊరు మారలేను" అని ఊరుకోండి. చెప్పకపోవడం మీ హక్కు. వివరం అడిగితే, "వ్యక్తిగతం సార్, కానీ ఇది తేలికగా తీసుకున్న నిర్ణయం కాదు" అంటే మర్యాద తెలిసినవాళ్లు ఆగుతారు.

నాలుగో అడుగు: మీ పేరు చెప్పినవారికి ముందు చెప్పడం

మెసేజ్ పంపడానికి ముందు ఫోన్ తప్పనిసరి. మీ పేరు పైన చెప్పింది ఒక మనిషి. జోనల్ మేనేజర్ ముందు, వేరే రీజియన్ వాళ్ల ముందు, "నా దగ్గర ఒకడున్నాడు, వాడు చేయగలడు" అని మీ తరఫున మాట్లాడారు. మీరు నేరుగా హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి ఆయన్ను కాపీలో పెడితే, ఆ విషయం ఆయనకూ పైవాళ్లకూ ఒకే నిమిషంలో తెలుస్తుంది. ఆయనకు అంతకంటే అవమానం లేదు.

రోజు కూడా చూసుకోండి. మా రంగంలో నెలాఖరు వారమంతా క్లోజింగ్ టెన్షన్ ఉంటుంది. ఆ వారంలో సాయంత్రం ఏడు తర్వాత మేనేజర్‌కు ఏ మాటా నచ్చదు. గడువు దాటనంతవరకు ఉదయం పూట, ఆయన ఫీల్డ్‌లోకి వెళ్లే ముందు ఫోన్ చేయండి.

రాజమండ్రి రెప్ ఫోన్ దాదాపు ఇలా సాగింది.

"సార్, గురువారం చెప్తానన్నాను కదా. చాలా ఆలోచించాను. కర్నూలు తీసుకోలేను సార్."

"ఎందుకయ్యా? ఎంత కష్టపడి నీ పేరు పెట్టానో తెలుసా?"

"తెలుసు సార్. అందుకే మెయిల్ పెట్టకుండా ముందు మీకే చెప్తున్నా. నాన్నగారి డయాలసిస్ వారానికి మూడుసార్లు, పొద్దున ఆరింటికి నేను ఇక్కడ ఉండాలి. ఏరియా మేనేజర్ పని చేయాలని నాకుంది సార్. రాత్రికి ఇంటికి రాగలిగే ఏరియా ఏదైనా చేస్తాను."

"మరి పైవాళ్లకు నేనేం చెప్పాలి?"

"పోస్టుకు రెడీగా ఉన్నాడు, తండ్రి ట్రీట్‌మెంట్ వల్ల గోదావరి జిల్లాలు దాటలేడు అని చెప్పండి సార్."

ఆ చివరి వాక్యం కోసమే ఈ ఫోన్. మీ మేనేజర్ పైకి మోసుకెళ్లడానికి మీరే ఒక వాక్యం తయారు చేసి ఇవ్వాలి. మీరు ఇవ్వకపోతే ఆయనే ఒకటి తయారు చేసుకుంటారు. అది చాలాసార్లు "వాడికి ఇంట్రెస్ట్ లేదు సార్" అవుతుంది. వద్దన్నవాళ్లకు ఆశయం లేదన్న పేరు చాలావరకు ఇలా పుడుతుంది. మీ మెసేజ్ జోనల్ మేనేజర్ చదవకపోవచ్చు, ఈ ఒక్క వాక్యం మాత్రం వింటారు.

ఐదో అడుగు: మెసేజ్ రాయడం

ముందు అతను రాసుకొచ్చిన మొదటి కాపీ చూడండి.

> గౌరవనీయులైన సార్, నాకు ఇంత గొప్ప అవకాశం ఇచ్చినందుకు మీకు, కంపెనీకి ఎప్పటికీ రుణపడి ఉంటాను. అంత పెద్ద బాధ్యతకు నేను ఇంకా అర్హుడిని కానేమో అనిపిస్తోంది. ఇంట్లో కొన్ని సమస్యలు, నాన్నగారి ఆరోగ్యం, పాప చదువు వల్ల ప్రస్తుతానికి కర్నూలు రాలేకపోతున్నాను. దయచేసి అన్యథా భావించవద్దు. క్షమించగలరు. భవిష్యత్తులో అవకాశం ఇస్తే తప్పకుండా కష్టపడి పనిచేస్తాను.

చదివితే మంచివాడే అనిపిస్తుంది. కానీ ఇందులో అతనికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది "అర్హుడిని కానేమో" అన్న మాట. అది వినయం. మన ఇళ్లలో పెద్దల ముందు అలాగే మాట్లాడతాం. అయితే మెయిల్ ఫైల్‌లో ఉండిపోతుంది, అది వినయమని చెప్పడానికి పక్కన మీరు ఉండరు. ఇది నా అనుభవం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆఫర్ వద్దంటూ "నేను ఇంకా ఆ స్థాయికి రాలేదు సార్" అని రాశాను. రెండేళ్ల తర్వాత అదే పోస్టు ఇంటర్వ్యూలో ప్యానెల్‌లో ఒకరు ఆ మాట తీసి, "ఇప్పుడు ఆ స్థాయికి వచ్చారా?" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు. నాకు మాత్రం నోట మాట రాలేదు. ఆ ఏడాది పోస్టు వేరేవాళ్లకు వెళ్లింది.

తర్వాత "రుణపడి ఉంటాను", "క్షమించగలరు". ఆఫర్ వద్దనడం తప్పు కాదు, క్షమాపణ అడిగితే తప్పు చేసినట్టు మీరే ఒప్పుకున్నట్టు. కృతజ్ఞత ఎంత పెద్ద మాటలో ఉంటే అంత ఖాళీగా వినిపిస్తుంది. ఇక "కష్టపడి పనిచేస్తాను" అన్నది ఎవరైనా రాయగలిగే వాక్యం, అందులో ఈ మనిషి లేడు.

మార్చి రాసింది ఇది. మా దగ్గర ఇలాంటి మెయిల్ ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళ్తుంది. ఏ భాషలో పంపినా వరుస ఇదే ఉండాలి.

> విషయం: కర్నూలు ఏరియా మేనేజర్ పోస్టుపై నా సమాధానం
>
> సార్, నమస్తే.
>
> కర్నూలు ఏరియా మేనేజర్ పోస్టుకు మీరు నా పేరు చెప్పినందుకు చాలా థ్యాంక్స్. పోయిన ఏడాది షుగర్ ప్రొడక్ట్ లాంచ్ అప్పుడు మీరు ఆరు రోజులు నాతో జాయింట్ వర్క్ చేసి చూపించిన పద్ధతి వల్లే ఈ అవకాశం దాకా వచ్చానని నాకు తెలుసు.
>
> పొద్దున ఫోన్‌లో చెప్పినట్టు, కర్నూలు హెడ్‌క్వార్టర్‌గా ఉన్న ఈ పోస్టును నేను తీసుకోలేను. మా నాన్నగారికి రాజమండ్రిలో వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది, ఆ రోజుల్లో పొద్దున నేను ఇక్కడ ఉండాలి.
>
> ఏరియా మేనేజర్ బాధ్యత తీసుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రాజమండ్రి, కాకినాడ, ఏలూరు, భీమవరం పరిధిలో ఖాళీ వచ్చినప్పుడు నా పేరు పరిశీలించమని కోరుతున్నాను. రాత్రికి ఇంటికి చేరగలిగితే టూర్ ఎంత ఉన్నా ఇబ్బంది లేదు.
>
> ఈలోగా మీరు సరేనంటే, అమలాపురం, తునిలో కొత్తగా చేరిన రెప్‌లిద్దరితో మూడు నెలలపాటు నెలకు రెండేసి రోజులు ఫీల్డ్‌లో తిరుగుతాను. నా హెడ్‌క్వార్టర్ టార్గెట్‌కు అది అడ్డు రాకుండా టూర్ ప్రోగ్రామ్ వేసి పంపుతాను.
>
> కర్నూలుకు వేరే పేరు చూసుకోవడానికి మీకు టైమ్ ఉండాలని ఈరోజే రాస్తున్నాను.

థ్యాంక్స్ ఒక్కసారే ఉంది. కానీ ఆరు రోజుల జాయింట్ వర్క్ అన్నది ఆ మేనేజర్‌కు, ఈ రెప్‌కు తప్ప మూడో మనిషికి సరిపోని మాట. మీ మెసేజ్‌లోనూ అలాంటి ఒక సంఘటన వెతకండి. ఆయన మీకు నేర్పింది, మీకోసం ఎవరితోనో మాట్లాడింది, మీ మీద నమ్మకంతో అప్పగించింది ఏదో ఒకటి ఉంటుంది. తేదీ గానీ ఊరు గానీ అందులో ఉంటే చాలు, గొప్ప మాటల అవసరం ఉండదు.

"తీసుకోలేను" అన్నది రెండో పేరాలో మొదటి వాక్యంలోనే వచ్చేసింది. చాలామంది దీన్ని చివర దాస్తారు. చదివేవాళ్లు సగం దాకా అవునేమో అనుకుని, చివర్లో మోసపోయినట్టు అనుకుంటారు.

ఆశయం కనబడేది నాలుగో పేరాలో. అక్కడ ఒక్క విశేషణం కూడా లేదని గమనించండి. పై పోస్టులో చేసే పనిలోంచి ఒక చిన్న ముక్కను ఇప్పుడే చేస్తానంటున్నాడు. కొత్త రెప్‌లకు పని నేర్పడం ఏరియా మేనేజర్ పని. ఆరు నెలల తర్వాత కాకినాడ ఏరియా ఖాళీ అయితే, ఇద్దరికి నేర్పిన అనుభవం అతని పేరు పక్కన ఉంటుంది. అయితే ఇక్కడ ఎక్కువ రాసేయకండి. కాదన్నామన్న మొహమాటంలో సేల్ 30 శాతం పెంచుతానని రాసినవాళ్లను చూశాను. ఆ అంకె మర్నాటి నుంచే వాళ్ల టార్గెట్ అయింది. మీ చేతిలో ఉన్న పనినే, గడువుతో, మీరు నిజంగా చేయగలిగినంతే రాయండి.

వాట్సాప్‌లో పంపాల్సి వస్తే మొదటి రెండు పేరాలు, తర్వాత ఏయే ఏరియాలు కుదురుతాయో చెప్పే వాక్యం ఉంటే సరిపోతుంది. వాయిస్ మెసేజ్ మాత్రం వద్దు. దాన్ని పైకి పంపితే మీ గొంతులోని తడబాటు కూడా పైకి వెళ్తుంది.

పోస్టే వద్దనుకునేవాళ్లకు

ఫీల్డ్ పని ప్రాణం, మనుషుల్ని మేనేజ్ చేయడం ఇష్టం లేదు అనేవాళ్లు ఉంటారు. సాఫ్ట్‌వేర్‌లో అయితే కోడ్ వదిలి మేనేజర్ కావడం ఇష్టం లేనివాళ్లు. వీళ్లు ఊరి మీదకో ఇంటి మీదకో నెపం నెట్టకూడదు, ఎందుకంటే ఊరు సమస్య తీరిస్తే పోస్టు మళ్లీ వస్తుంది. ఉన్నది చెప్పండి, కానీ వద్దనేదానితో ఆపకుండా కావాల్సింది చెప్పండి:

> టీమ్‌ను నడపడం కంటే పెద్ద హాస్పిటళ్ల అకౌంట్లు చూడటంలో నేను కంపెనీకి ఎక్కువ పనికొస్తానని నా నమ్మకం. వచ్చే రెండేళ్లు ఆ వైపు ఎదగాలని ఉంది. కార్పొరేట్ హాస్పిటళ్ల పని విడిగా ఎవరికైనా అప్పగించే ఆలోచన ఉంటే నా పేరు చూడండి.

దీనికి ఒక పరిమితి ఉంది. కొన్ని కంపెనీల్లో మేనేజర్ దారి తప్ప పైకి వెళ్లే దారే ఉండదు. అలాంటి చోట ఈ మెసేజ్ ఎంత బాగున్నా జీతం ఒకచోట ఆగిపోతుంది. రాసేముందు మీ కంటే పదేళ్లు సీనియర్ అయిన రెప్ ఎవరైనా అదే పోస్టులో సంతోషంగా ఉన్నారో లేదో చూసుకోండి.

ఒత్తిడి వచ్చినప్పుడు

మెసేజ్ వెళ్లాక ఒకటి రెండు ఫోన్లు వస్తాయి. "ఇలాంటి చాన్స్ మళ్లీ రాదు" అంటే, "రాకపోవచ్చు సార్, ఆ సంగతి ఆలోచించే చెప్పాను" అనండి. "ఫ్యామిలీని అక్కడే ఉంచి నువ్వు వెళ్లు" అంటే, మీ కారణం మీరు స్వయంగా ఉండాల్సినదైతే ఒక్క వాక్యం చాలు: "పొద్దున ఆరింటికి నేనే ఉండాలి సార్." ప్రతిసారీ కొత్త కారణం చెప్పొద్దు. మెసేజ్‌లో ఉన్న అదే వాక్యం మళ్లీ చెప్పండి. మాట మారితే ఇంకా బేరం ఉందనుకుంటారు.

"జీతం ఇంకొంచెం పెంచితే?" అన్నది ప్రమాదకరమైన ప్రశ్న. డబ్బుతో తీరే సమస్య అయితే ఆ సంగతి గురువారం ఫోన్‌లోనే చెప్పాల్సింది. కుటుంబ కారణం చెప్పి, తర్వాత ఐదు వేలు ఎక్కువిస్తే వెళ్లినవాళ్ల మాటను ఆ తర్వాత ఎవరూ నమ్మరు.

ఆఫర్ కాకుండా ఆర్డర్ వస్తే

పైన చెప్పిందంతా మిమ్మల్ని అడిగినప్పటి సంగతి. ఆర్డర్ చేతికి వచ్చాక పరిస్థితి వేరు. ప్రైవేటు అపాయింట్‌మెంట్ లెటర్లలో దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయవచ్చన్న షరతు మామూలుగా ఉంటుంది. మీ లెటర్ తీసి ఆ పేరా చదవండి. అది ఉంటే "తీసుకోలేను" అని రాయడం ఆదేశాన్ని ధిక్కరించినట్టు అవుతుంది. అప్పుడు మాట మారాలి: "ఆర్డర్ అందింది. ఈ కారణం వల్ల దీన్ని పునఃపరిశీలించమని కోరుతున్నాను. నిర్ణయం వచ్చేవరకు రాజమండ్రిలో పని కొనసాగించడానికి అనుమతి ఇవ్వగలరు." జవాబు వచ్చేదాకా డ్యూటీ మానకండి, డైలీ రిపోర్టు ఆపకండి. రిపోర్టు ఆగిన రోజు నుంచి గొడవ బదిలీది కాకుండా గైర్హాజరుది అవుతుంది.

ప్రభుత్వ ఉద్యోగులకు ఇది మర్యాద మెసేజ్ విషయమే కాదు, రూల్స్ విషయం. కేంద్ర ప్రభుత్వంలో 1981 అక్టోబర్ 1న సిబ్బంది శాఖ డీఓపీటీ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ప్రమోషన్ వద్దనడానికి చూపిన కారణాలను అధికారులు అంగీకరిస్తే, వద్దన్న తేదీ నుంచి ఏడాదిపాటు గానీ, తర్వాతి ఖాళీ వచ్చేదాకా గానీ, ఏది ఆలస్యమైతే అప్పటిదాకా మళ్లీ ఆఫర్ ఇవ్వరు. ఈలోగా ప్రమోట్ అయిన జూనియర్లు సీనియారిటీలో ముందుకు వెళ్తారు. కారణాలు అంగీకరించకపోతే ప్రమోషన్ అమలు చేయవచ్చు. దీనికి తోడు, ప్రమోషన్ రాకుండా ఏళ్లు గడిచినవారికి జీతం స్థాయి పెంచే ఎంఏసీపీ పథకం 2009 మేలో వచ్చింది. ఆర్థిక అప్‌గ్రేడేషన్‌కు అర్హత రాకముందే రెగ్యులర్ ప్రమోషన్‌ను కాదన్నవారికి ఆ అప్‌గ్రేడేషన్ ఇవ్వరు. అంటే ఇవాళ రాసిన ఒక పేజీ ఉత్తరం జీతాన్ని ఏళ్లతరబడి తగ్గించవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ప్రమోషన్ హక్కు వదులుకోవడాన్ని రిలింక్విష్‌మెంట్ అంటారు. 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్‌లో దానికి విడిగా నిబంధన ఉంది, తర్వాత జీవోలూ వచ్చాయి. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఇప్పుడు అమల్లో ఉన్న కాపీ తీసుకుని, అది శాశ్వతమా, ఈ ప్యానెల్ ఏడాదికేనా అన్నది, సర్వీసు ఏళ్లను బట్టి వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ మీద ప్రభావం ఏమిటన్నది తేల్చుకున్నాకే సంతకం పెట్టండి. కృతజ్ఞతలు ఆఫీసర్‌కు నోటితో చెప్పండి, ఉత్తరంలో రూల్ అడిగిన మాటలు మాత్రమే ఉండాలి.

పంపిన తర్వాత మూడు నెలలు

కాదన్నవాళ్ల మీద కొన్నాళ్లు కళ్లు ఉంటాయి. ఆ నెల క్లోజింగ్ పడిపోతే, మామూలు రోజుల్లో మార్కెట్ బాగోలేదనేవాళ్లు ఇప్పుడు మనసు పెట్టట్లేదంటారు. అందుకే రాసిన మాట మొదటి పదిహేను రోజుల్లోనే మొదలుపెట్టాలి. రాజమండ్రి రెప్ రెండో వారంలోనే అమలాపురం వెళ్లాడు. కొత్త కుర్రాడితో ఎనిమిది మంది డాక్టర్లను కలిసి, సాయంత్రం మేనేజర్‌కు నాలుగు లైన్ల మెసేజ్ పెట్టాడు: ఎవరిని కలిశారు, కుర్రాడు ఎక్కడ తడబడ్డాడు, వచ్చేసారి ఏం చూస్తాడు. నాన్న గురించి గానీ కర్నూలు గురించి గానీ అందులో ఒక్క మాట లేదు.

కర్నూలుకు నెల్లూరు నుంచి వేరే రెప్ వెళ్లాడు. ఆ వార్త వచ్చిన రోజే మనవాడు అతనికి ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పాడు. ఆ పోస్టు ముందు తనకే వచ్చిందని మాత్రం అనలేదు.

ఆరు నెలలకు రీజినల్ మీటింగ్‌లో జోనల్ మేనేజర్ టీ దగ్గర అతన్ని ఆపి మొదట అడిగింది, "మీ నాన్నగారికి ఎలా ఉంది?" అని. రెండో ప్రశ్న, "కాకినాడ అయితే చేస్తావా?"